షేర్లు, ఫండ్లు అమ్మే ముందు: ఏ యూనిట్ ఎప్పటిది, ఏ నెలలో అమ్మాలి

ప్రశ్న (ఫిబ్రవరి 2026): మాది విశాఖపట్నం, గాజువాక. ప్రైవేటు ఉద్యోగం. ఏడాదికి జీతం 11 లక్షలు, కొత్త పన్ను విధానం. జీతం మీద పన్నేమీ పడటం లేదు. 2022 ఫిబ్రవరి నుంచి ఒక ఈక్విటీ ఫండ్‌లో ప్రతి నెలా 5వ తేదీన 10,000 సిప్ కడుతున్నాను. ఒక కంపెనీ షేర్లు 300 ఉన్నాయి. వాటిలో 200 షేర్లు 2023 నవంబరులో 400 రూపాయల చొప్పున, 100 షేర్లు 2025 జూన్‌లో 700 చొప్పున కొన్నాను. ఇప్పుడు ధర 900. మధురవాడలో ఫ్లాటు తీసుకుంటున్నాం. బిల్డరుకు మార్చిలో రెండు లక్షలు, మే నెలాఖరులోగా ఐదు లక్షలు కట్టాలి. ఈ వారమే 250 షేర్లు అమ్మి, ఫండ్‌లోంచి 5 లక్షలు తీసేద్దామనుకుంటున్నాను. నాలుగేళ్ళయింది కాబట్టి అంతా దీర్ఘకాలికమే, పన్ను పెద్దగా ఉండదని మిత్రుడు అంటున్నాడు. నిజమేనా?

సమాధానం:

ఈ వారం అమ్మకండి. మీ మిత్రుడి మాటలో సగం నిజం ఉంది. ఆ సగాన్నే నమ్ముకుని ఒకేసారి అమ్మితే దాదాపు 65,000 రూపాయల పన్ను కట్టాల్సి వస్తుంది. అవే షేర్లు, అవే యూనిట్లు రెండు విడతలుగా అమ్మితే 5,000 పైచిలుకుతో సరిపోతుంది. బిల్డరు ఇచ్చిన గడువులు కూడా అందుకు అనుకూలంగానే ఉన్నాయి. ద్వారకానగర్‌లో కూర్చుని ఏటా రిటర్నులు వేసేవాడిగా ఇంత స్పష్టంగా డబ్బు మిగిలే సందర్భం నాకు తరచుగా కనపడదు. అందుకే లెక్క మొత్తం విడమరచి చెబుతాను. మీరే కాగితం మీద వేసి సరిచూసుకోండి.

ముందు రేట్లు చూద్దాం. స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన షేర్లను, ఈక్విటీ మ్యూచువల్ ఫండ్ యూనిట్లను 12 నెలలకు మించి ఉంచుకుని అమ్మితే వచ్చేది దీర్ఘకాలిక లాభం. 12 నెలలు, అంతకు తక్కువ అయితే స్వల్పకాలికం. 2024 జులై 23 నుంచి స్వల్పకాలిక లాభం మీద 20 శాతం, దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం పన్ను ఉంది. దీర్ఘకాలిక లాభంలో ఒక ఆర్థిక సంవత్సరానికి మొదటి 1,25,000 రూపాయల మీద పన్ను లేదు. పన్ను మొత్తం మీద 4 శాతం సెస్సు అదనం. అంతకు ముందు ఈ రేట్లు 15, 10 శాతాలుగా, మినహాయింపు లక్షగా ఉండేవి. పాత వ్యాసాల్లో ఇప్పటికీ ఆ అంకెలే కనపడతాయి కాబట్టి తేదీ చూసి చదవండి. ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వస్తోంది. సెక్షన్ల సంఖ్యలు మారతాయి కానీ, మీకు సంబంధించిన ఈ రేట్లు అవే ఉంటాయి.

ఈ 12 నెలలను దేనికి లెక్కపెడతారన్నది అసలు విషయం. మీరు ఫండ్‌లో చేరి నాలుగేళ్ళయింది నిజమే. కానీ చట్టం మీ ఖాతా వయసును చూడదు, ప్రతి యూనిట్ వయసునూ విడివిడిగా చూస్తుంది. సిప్‌లో ప్రతి నెలా కట్టిన వాయిదా ఒక కొత్త కొనుగోలు. 2022 ఫిబ్రవరి 5న కొన్న యూనిట్లకు నాలుగేళ్ళు నిండాయి. ఈ ఫిబ్రవరి 5న కొన్నవాటికి ఇంకా నెల కూడా నిండలేదు. మీరు ఇప్పటికి 49 వాయిదాలు కట్టారు. 2025 ఫిబ్రవరి 5 దాకా కట్టిన 37 వాయిదాల యూనిట్లు దీర్ఘకాలికం అయ్యాయి. 2025 మార్చి నుంచి కట్టిన 12 వాయిదాలు ఇంకా స్వల్పకాలికమే. ఖాతా మొత్తం ఖాళీ చేసి ఉంటే ఈ 12 వాయిదాల లాభం మీద 20 శాతం పడేది. మీరు 5 లక్షలే తీస్తున్నారు కాబట్టి బతికిపోయారు. ఎందుకంటే ముందు కొన్న యూనిట్లే ముందు అమ్ముడైనట్టు లెక్క. మీరు కోరినా కోరకపోయినా ఫండ్ వాళ్ళు పాత యూనిట్ల నుంచే తీస్తారు. ఏడాది లోపు తీస్తే చాలా ఈక్విటీ ఫండ్లు వసూలు చేసే నిష్క్రమణ రుసుము కూడా అందువల్లే మీకు పడదు.

డీమ్యాట్ షేర్లకూ ఇదే క్రమం. ఇది 1998లో ప్రత్యక్ష పన్నుల కేంద్ర బోర్డు స్పష్టం చేసిన పద్ధతి. ఒక డీమ్యాట్ ఖాతాలోకి ముందు వచ్చిన షేరే ముందు బయటికి పోయినట్టు. "నేను అమ్మింది జూన్‌లో కొన్నవే" అని మీరు అనుకున్నంత మాత్రాన చెల్లదు. నష్టంలో ఉన్న కొత్త షేర్లను అమ్మి నష్టం చూపిద్దామనుకునేవారు ఇక్కడే బోల్తా పడతారు. అమ్మకం పాత షేర్లకు చుట్టుకుని, నష్టం అనుకున్నది లాభంగా తేలుతుంది. అయితే ఈ క్రమం ఒక్కో డీమ్యాట్ ఖాతాకు విడిగా వర్తిస్తుంది. అదే కంపెనీ షేర్లు రెండు వేర్వేరు డీమ్యాట్ ఖాతాల్లో ఉంటే ఏ ఖాతాలోంచి అమ్మాలో ఎంచుకునే వెసులుబాటు ఉంటుంది. మీకు ఉన్నది ఒక్కటే కాబట్టి మీ 250 షేర్లలో మొదటి 200 నవంబరు 2023వి, మిగతా 50 జూన్ 2025వి.

ఇప్పుడు మీ లెక్క వేద్దాం. పాత 200 షేర్ల మీద ఒక్కోదానికి 500 చొప్పున లక్ష రూపాయల దీర్ఘకాలిక లాభం. కొత్త 50 షేర్ల మీద ఒక్కోదానికి 200 చొప్పున 10,000 స్వల్పకాలిక లాభం. ఫండ్ అంకెలు మీరు ఇవ్వలేదు. 5 లక్షల విలువైన పాత యూనిట్లకు మీరు పెట్టింది 3,25,000, లాభం 1,75,000 అనుకుని ముందుకు వెళ్తాను. మీ స్టేట్‌మెంట్ తెరిచి అసలు అంకె ఇక్కడ పెట్టుకోండి. అప్పుడు మొత్తం దీర్ఘకాలిక లాభం 2,75,000. ఇందులో 1,25,000 తీసేస్తే మిగిలింది 1,50,000. దాని మీద 12.5 శాతం అంటే 18,750. స్వల్పకాలిక 10,000 మీద 20 శాతం అంటే 2,000. రెండూ కలిపి 20,750, సెస్సుతో 21,580.

చాలామంది లెక్క ఇక్కడితో ఆపేస్తారు. మీ విషయంలో పెద్ద దెబ్బ దీని తర్వాత ఉంది.

మీ జీతం మీద పన్ను పడకపోవడానికి కారణం రిబేటు. 11 లక్షల్లోంచి 75,000 ప్రామాణిక తగ్గింపు పోతే 10,25,000. దాని మీద కొత్త విధానం శ్లాబుల ప్రకారం పన్ను ఉంది. 4 నుంచి 8 లక్షల మధ్య 5 శాతం చొప్పున 20,000, ఆ పైన 2,25,000 మీద 10 శాతం చొప్పున 22,500, కలిపి 42,500. మొత్తం ఆదాయం 12 లక్షలు దాటకపోతే ఈ పన్నును రిబేటు రూపంలో రద్దు చేస్తారు. చట్టంలో ఉన్న మాట "మొత్తం ఆదాయం". అందులో మూలధన లాభాలు, అంటే షేర్లు, ఫండ్లు అమ్మితే వచ్చే లాభాలు, కూడా కలుస్తాయి. దీర్ఘకాలిక లాభంలో పన్ను లేని ఆ 1,25,000 కూడా కలుస్తుంది. ఎందుకంటే అది ఆదాయంలోంచి తీసేసిన మొత్తం కాదు. దాని మీద పన్ను రేటు సున్నా, అంతే.

ఈ వారం ఒకేసారి అమ్మితే మీ మొత్తం ఆదాయం 10,25,000కు 2,75,000, 10,000 కలిసి 13,10,000 అవుతుంది. 12 లక్షల గీత దాటుతుంది కాబట్టి రిబేటు పోతుంది. పరిమితిని కొద్దిగా దాటినవారికి ఇచ్చే ఊరట ఒకటి ఉంది కానీ, మీరు లక్షకు పైగా దాటుతున్నారు కాబట్టి అదీ అందదు. జీతం మీది 42,500 మళ్ళీ లేచి కూర్చుంటుంది. లాభాల మీది 20,750 కలిపితే 63,250. సెస్సుతో 65,780. మీరు పాత పన్ను విధానంలో ఉండి ఉంటే ఈ 12 లక్షల గొడవే ఉండేది కాదు. కొత్త విధానంలో 9 నుంచి 12 లక్షల మధ్య ఆదాయం ఉండి, ఏడాదిలో ఒక్కసారి పెద్ద మొత్తం అమ్మేవారికి మాత్రం ఇది నిజంగా బరువైన విషయం.

ఇంకో మాట. రిబేటు దక్కినా అది జీతం వంటి మామూలు ఆదాయం మీది పన్నునే తుడుస్తుంది. 20 శాతం, 12.5 శాతం రేట్లు పడే లాభాల పన్నును తుడవదు. "12 లక్షల దాకా పన్ను లేదు కదా" అని లాభాలకు కూడా అదే వర్తింపజేసుకుని, తర్వాత నోటీసు పట్టుకుని వచ్చేవారు ఉంటారు.

ఇప్పుడు అదే అమ్మకాన్ని మార్చి 31కి అటూ ఇటూ విడగొడదాం. మార్చి మొదటి పక్షంలో పాత 200 షేర్లు మాత్రం అమ్మండి. చేతికి 1,80,000 వస్తాయి, లాభం లక్ష. ఫండ్‌లోంచి సుమారు 60,000 తీయండి. అన్నిటికంటే పాత యూనిట్లు కాబట్టి వాటిలో లాభం పాలు ఎక్కువ ఉంటుంది. 35,000 పెట్టుబడి, 25,000 లాభం అనుకుందాం. మొత్తం 2,40,000 చేతికి వస్తుంది, బిల్డరుకు మార్చిలో ఇవ్వాల్సిన రెండు లక్షలు సరిపోతాయి. ఈ ఆర్థిక సంవత్సరంలో దీర్ఘకాలిక లాభం 1,25,000, దాని మీద పన్ను సున్నా. మొత్తం ఆదాయం 11,50,000, రిబేటు పదిలం. బ్యాంకు వడ్డీ ఏమైనా ఉంటే దాన్నీ కలిపి చూసుకోండి. 50,000 దాకా మీకు ఎడం ఉంది.

ఏప్రిల్ మొదటి వారంలో ఫండ్‌లోంచి మిగతా 4,40,000 తీయండి. అందులో లాభం 1,50,000. కొత్త సంవత్సరానికి కొత్తగా 1,25,000 మినహాయింపు వస్తుంది. మిగిలిన 25,000 మీద 12.5 శాతం అంటే 3,125. జూన్ 2025 నాటి 50 షేర్లు కూడా అప్పుడే అమ్మితే వాటి మీద 2,000. కలిపి 5,125, సెస్సుతో 5,330. మొత్తం ఆదాయం 10,25,000కు 1,60,000 కలిసి 11,85,000. ఇక్కడ ఎడం 15,000 మాత్రమే ఉందని గమనించండి. ఏప్రిల్‌లో మీకు జీతం పెరిగేటట్టయితే, బ్యాంకు వడ్డీ ఉంటే ఈ గీత సులువుగా దాటిపోతారు. అందుకని నా సలహా ఆ 50 షేర్ల జోలికి వెళ్ళవద్దని. మార్చిలో మిగిలిన 40,000, ఏప్రిల్‌లో వచ్చే 4,40,000 కలిపితే 4,80,000 మీ దగ్గర ఉంటాయి. మే నాటికి ఇంకో 20,000 జీతంలోంచో పొదుపు ఖాతాలోంచో సర్దగలిగితే షేర్లు అమ్మే పని లేదు. జీతం ఖాయంగా పెరుగుతుందని తెలిస్తే మార్చిలో మాత్రమే దీనికి విరుగుడు ఉంది. ఫండ్‌లోంచి ఇంకొంచెం ఎక్కువ తీసి, ఆ కొద్ది లాభం మీద ఇప్పుడే 12.5 శాతం కట్టేయండి. ఈ ఏడాది ఉన్న 50,000 ఎడంలోకి ఆ లాభం ఇమిడిపోతుంది, వచ్చే ఏడాది గీతకు దూరంగా ఉంటారు. ఈ పని మార్చి 31 తర్వాత చేయడానికి కుదరదు కాబట్టి మీ యాజమాన్యాన్ని జీతం సంగతి ఇప్పుడే అడిగి తెలుసుకోండి.

"ఆ 50 షేర్లు జూన్ దాకా ఆగితే దీర్ఘకాలికం అవుతాయి కదా, ఆగి అమ్మితే మంచిది కాదా?" అని మీకు అనిపించవచ్చు. ఇది అందరూ అడిగేదే, దీనికి అంకెలతోనే జవాబు చెప్పాలి. ఇప్పుడు అమ్మితే 10,000 లాభం మీద సెస్సుతో 2,080. జూన్ దాటాక అమ్మితే, ఆ ఏడాది మినహాయింపు ఫండ్‌కే అయిపోయింది కాబట్టి 12.5 శాతం చొప్పున సెస్సుతో 1,300. నాలుగు నెలలు ఆగినందుకు మిగిలేది 780 రూపాయలు. 900 ఉన్న షేరు ఈలోగా 18 రూపాయలు పడితే, అంటే 2 శాతం తగ్గితే, ఆ మిగులు మొత్తం పోతుంది. ఒక షేరు 2 శాతం పడటానికి నాలుగు నెలలు అక్కర్లేదు, ఒక పూట చాలు. డబ్బు అవసరం ఉంటే 780 కోసం ఆగడం అర్థం లేని పని. ఈ 50 షేర్లను వదిలేయమన్నది 12 లక్షల గీత కోసం, 20 శాతానికి భయపడి కాదు.

రేటు తేడా 7.5 శాతమే. అదీ లాభం మీద, షేరు ధర మీద కాదు. లాభం ధరలో సగం ఉన్నప్పుడు కూడా ఆ తేడా ధరలో 4 శాతానికి లోపే. అందువల్ల గడువుకు రెండు మూడు వారాల దూరంలో ఉంటే ఆగండి, ఆరేడు నెలల దూరంలో ఉంటే పన్నును పక్కన పెట్టి షేరు ఉంచుకోదగినదా కాదా అన్నది చూసి నిర్ణయించుకోండి. నా దగ్గరికి వచ్చేవారిలో పన్ను కోసం ఆగి, తగ్గిన ధరకు అమ్ముకున్నవారిని చూస్తుంటే బాధ వేస్తుంది. 20 శాతం కట్టి బయటపడిన మనిషికి 80 శాతం లాభం చేతిలో ఉంటుంది.

మరి ఫండ్ విషయంలో ఏప్రిల్ దాకా ఆగమని నేనే చెబుతున్నాను కదా, అక్కడ మార్కెట్ పడదా? పడవచ్చు. కానీ అక్కడ ఆగినందుకు వచ్చే మిగులు 60,450. అది మీరు ఏప్రిల్‌కు వాయిదా వేస్తున్న 4,40,000లో దాదాపు 14 శాతం. అంటే ఈ ఐదారు వారాల్లో ఫండ్ విలువ 14 శాతం దాకా పడినా మీకు నష్టం లేదు. అంత పతనం అసాధ్యమని అనను. 2020 మార్చి ఒక్క నెలలోనే నిఫ్టీ 20 శాతానికి పైగా పడింది. అటువంటి నెలలు అరుదు. ఒకవైపు 60,000 ఖాయంగా మిగిలేది ఉన్నప్పుడు ఆ ప్రమాదాన్ని తీసుకోవచ్చని నా అభిప్రాయం. మే నాటి డబ్బు గురించి మనసు కుదుటపడకపోతే ఫండ్‌ను మార్చుకుంటానని మాత్రం అనకండి. ఈక్విటీ ఫండ్‌లోంచి అదే సంస్థ లిక్విడ్ ఫండ్‌లోకి మార్చినా, రెగ్యులర్ ప్లాన్ నుంచి డైరెక్ట్ ప్లాన్‌కు మార్చినా పన్ను లెక్కలో అది అమ్మకమే. బ్యాంకు ఖాతాకు పైసా రాకపోయినా పన్ను మాత్రం వస్తుంది.

తేదీల విషయంలో కొంచెం జాగ్రత్త కావాలి. షేర్లకు కాంట్రాక్ట్ నోట్ మీద ఉన్న తేదీయే కొన్న తేదీ, అమ్మిన తేదీ. డబ్బు ఖాతాలో పడిన రోజు కాదు. మీ బ్రోకరు ఆ సాయంత్రం మెయిల్‌లో పంపే కాగితం అది. తెరవడానికి పాన్ నంబరు అడుగుతుంది. లోపల ఆర్డరు సమయం, ధర, బ్రోకరేజి, లావాదేవీ పన్ను వేర్వేరు గడుల్లో ఉంటాయి. బ్రోకరేజిని లాభంలోంచి తగ్గించుకోవచ్చు. లావాదేవీ పన్నును, అంటే ఎస్‌టీటీని, తగ్గించుకోవడానికి చట్టం ఒప్పుకోదు. ఫండ్‌కు అయితే ఏ రోజు ఎన్ఏవీ, అంటే ఒక్కో యూనిట్ ధర, ఇచ్చారో ఆ రోజే అమ్మిన తేదీ. సెలవు రోజున గానీ, మధ్యాహ్నం 3 గంటల తర్వాత గానీ అభ్యర్థన పెడితే తర్వాతి పనిదినం ఎన్ఏవీ వస్తుంది. మార్చి ఆఖరి రోజున పెట్టి, అది ఏప్రిల్‌లోకి జారిపోయి, రెండేళ్ళ మినహాయింపుల్లో ఒకటి వృథా చేసుకున్నవారు ఉన్నారు. మార్చి 20 లోపు ముగించండి. 12 నెలల గీత దగ్గర అమ్మేటప్పుడు కూడా సరిగ్గా అదే తేదీన కాకుండా రెండు మూడు రోజులు దాటాక అమ్మితే వాదనకు తావుండదు.

మీ షేర్లకు ఎప్పుడైనా బోనస్ వచ్చిందేమో చూసుకోండి. బోనస్ షేర్ల వయసు అవి కేటాయించిన రోజు నుంచి మొదలవుతుంది, వాటి కొనుగోలు ధర సున్నా. అమ్మితే వచ్చిందంతా లాభమే. షేరు విభజన అయితే అలా కాదు, వయసు పాత తేదీ నుంచే నడుస్తుంది, ధర మాత్రం భాగాలుగా పంచుకుంటుంది. బోనస్‌నూ విభజననూ ఒకటే అనుకుని లెక్క వేసి తప్పులో పడటం రిటర్నుల్లో నాకు తరచుగా కనపడుతుంది. ఎవరిదైనా వారసత్వంగా వచ్చిన షేరు అయితే మొదటి యజమాని కొన్న తేదీ, కొన్న ధర మీకు వస్తాయి. 2018 జనవరి 31 దాకా కొన్నవాటికి ఆ రోజు ధరను ఆధారంగా తీసుకునే ప్రత్యేక పద్ధతి ఉంది. మీవన్నీ ఆ తర్వాత కొన్నవే కాబట్టి మీకు ఆ బెడద లేదు.

మీ దగ్గర నష్టంలో ఉన్న షేరు ఇంకేదైనా ఉంటే దాన్ని అమ్మే ఏడాదిని కూడా ఎంచుకోవాలి. స్వల్పకాలిక నష్టాన్ని రెండు రకాల లాభాల నుంచీ తీసేయవచ్చు. దీర్ఘకాలిక నష్టాన్ని దీర్ఘకాలిక లాభం నుంచి మాత్రమే తీసేయాలి. ఆ ఏడాది నష్టం ముందు ఆ ఏడాది లాభాన్ని తినేస్తుంది, 1,25,000 మినహాయింపు ఆ తర్వాతే లెక్కలోకి వస్తుంది. కాబట్టి ఈ మార్చిలో మీరు సరిగ్గా 1,25,000 లాభం తీసుకుని, పక్కనే 30,000 దీర్ఘకాలిక నష్టం కూడా అమ్మి చూపిస్తే, ఏమీ కట్టాల్సిన అవసరం లేని లాభాన్ని ఆ నష్టం తుడిచేసి వృథాగా పోతుంది. అదే నష్టాన్ని ఏప్రిల్ తర్వాత అమ్మితే అక్కడ పన్ను పడే 25,000ను పూర్తిగా తుడిచేస్తుంది. ఏ ఏడాదైనా లాభాన్ని మించి నష్టం ఉంటే ఆ మిగిలిన నష్టాన్ని 8 ఏళ్ళ దాకా ముందుకు తీసుకెళ్ళవచ్చు. అయితే ఆ ఏడాది రిటర్ను గడువులోగా వేసి ఉండాలి. గడువు దాటి వేసిన రిటర్నులో చూపిన నష్టం ముందుకు రాదు. ఈ ఒక్క నియమం వల్ల పోగొట్టుకునేవారే ఎక్కువ, ఎందుకంటే నష్టం వచ్చిన ఏడాది పన్నేమీ లేదు కదా అని రిటర్ను మీద శ్రద్ధ పెట్టరు.

ఇవాళే మీరు చేయాల్సిన పని ఒకటుంది. ఫండ్ సంస్థ తరఫున రికార్డులు చూసే రిజిస్ట్రారు, క్యామ్స్ గానీ కేఫిన్‌టెక్ గానీ, వెబ్‌సైటులో మూలధన లాభాల స్టేట్‌మెంట్ అడగండి. అమ్మిన యూనిట్లకే కాకుండా ఇంకా చేతిలో ఉన్న యూనిట్ల లాభం చూపే స్టేట్‌మెంట్ కూడా దొరుకుతుంది, మీకు ముందుగా కావాల్సింది అదే. అందులో ప్రతి వాయిదా ఒక వరుసగా ఉంటుంది: కొన్న తేదీ, యూనిట్లు, ఆనాటి ఎన్ఏవీ, నేటి విలువ, లాభం. పై నుంచి కిందికి లాభం గడిని కూడుకుంటూ రండి. 25,000 దగ్గర ఎక్కడ ఆగారో అక్కడిదాకా ఉన్న యూనిట్లే మార్చిలో తీయాల్సినవి. మొత్తాన్ని రూపాయల్లో కాకుండా యూనిట్లలో రాసి అభ్యర్థన పెట్టండి. రూపాయల్లో పెడితే ఆ రోజు ఎన్ఏవీని బట్టి ఎన్ని యూనిట్లు పోతాయో చేతిలో ఉండదు. ధర కాస్త పెరిగినా గీత దాటకుండా లాభం 1,20,000 దగ్గర ఆగేటట్టు చూసుకోవడం మంచిది.

అమ్మిన డబ్బు మీ ఖాతాకు పూర్తిగా వస్తుంది. దేశంలో నివసించేవారికి ఈక్విటీ లాభాల మీద మూలంలో పన్ను కోత లేదు. అందుకే చాలామంది పన్ను సంగతి మరిచి మొత్తం ఖర్చు పెట్టేస్తారు. ఏడాదికి కట్టాల్సిన పన్ను, జీతంలో కోసినది పోను, 10,000 దాటితే ముందస్తు పన్ను కట్టాలి. లేకపోతే వడ్డీ పడుతుంది. విడతలుగా అమ్మితే మీది 5,330 మించదు కాబట్టి రిటర్నుతో పాటు కడితే చాలు.

ఈ ఏడాది దీర్ఘకాలిక లాభం 1,25,000 దాటకపోతే, ముందుకు తెచ్చిన నష్టాలు, ఇతర మూలధన లాభాలు లేకపోతే, ఐటీఆర్-1లోనే చూపించవచ్చు. వచ్చే ఏడాది లాభం దాన్ని దాటుతుంది కాబట్టి ఐటీఆర్-2 వేయాలి. పన్ను లేదని ఆ 1,25,000ను రిటర్నులో చూపకుండా వదలకండి. అమ్మకం వివరం ఆదాయపు పన్ను శాఖ వార్షిక సమాచార నివేదికలో, అంటే ఏఐఎస్‌లో, ఎలాగూ కనపడుతుంది. ఆ నివేదికలో అమ్మిన విలువ సరిగ్గానే ఉన్నా కొన్న ధర, కొన్న తేదీ కొన్నిసార్లు తప్పుగా ఉంటాయి. ముఖ్యంగా బోనస్ వచ్చినప్పుడు, షేర్లు ఒక డీమ్యాట్ నుంచి ఇంకోదానికి మార్చినప్పుడు ఇలా జరుగుతుంది. అక్కడి అంకెను యథాతథంగా తెచ్చుకోకుండా బ్రోకరు ఇచ్చే పన్ను స్టేట్‌మెంట్‌తో, రిజిస్ట్రారు స్టేట్‌మెంట్‌తో వరుస వరుసా సరిచూసి, తేడా ఉంటే ఆ పోర్టల్‌లోనే అభిప్రాయం నమోదు చేసి, రిటర్నులో సరైన అంకె వేయండి. 2023 నవంబరు, 2025 జూన్ నాటి కాంట్రాక్ట్ నోట్లు మెయిల్‌లో వెతికి ఒక చోట దాచుకోండి.

ఫండ్ స్టేట్‌మెంట్ వచ్చాక అసలు అంకెలు నా అంచనాకు దూరంగా ఉంటే ఇక్కడే రాయండి, మార్చిలో ఎన్ని యూనిట్లు తీయాలో మళ్ళీ లెక్క వేద్దాం.